ఫోటోలో నీలం, కట్టుకుంటే పచ్చ: చీర రంగు ఎలా రాస్తే నిజం చెప్పినట్టు?

కొత్తకొంగు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేసేవాళ్ల దగ్గర చీరలు తీసుకుని, ఫోటోలు పెట్టి అమ్ముతుంటాను. పోయినవారం ఒక పట్టుచీర తిరిగొచ్చింది. నేను రాసింది "సముద్రపు నీలం, జరీ అంచు". ఫోటోలో కూడా నీలమే. గోడకి కర్ర కట్టి, చీరని కొంగు కిందికి వచ్చేలా నిలువుగా వేలాడదీసి, ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో తీశాను. ఫిల్టర్లేవీ వాడలేదు.

కొన్నావిడ ఏం రాసిందంటే: "మీరు పంపింది ఆకుపచ్చ చీర. పైగా కొంగు నీలంగా ఉంది, కుచ్చిళ్లు పచ్చగా ఉన్నాయి. రెండు ముక్కలు కలిపి కుట్టారా?" నేను చీర విప్పి చూస్తే ఎక్కడా అతుకు లేదు, అది ఒకే చీర. వివరంలో చివర "ఫోటోకీ, వస్తువుకీ రంగులో కొద్దిపాటి తేడా ఉండవచ్చు" అని ముందే రాశాను కదా అన్నాను. "కొద్దిపాటి అంటే నీలం పచ్చ అయ్యేంతా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తప్పు ఫోన్‌దా, లైటుదా, ఆవిడ తెరదా? అసలు ఏం రాసి ఉండాల్సింది?

ఉప్పునీళ్లు | సోమవారం, రాత్రి 9:58

కొత్త పట్టుచీరకి మొదట్లో అలాగే అవుతుందండి. మొదటిసారి చల్లటి నీళ్లలో విడిగా జాడించి నీడన ఆరేయమనండి. రంగు దిగడం తగ్గుతుంది.

కొత్తకొంగు | సోమవారం, రాత్రి 10:02

రంగు దిగడం కాదండీ. ఆవిడ ఇంకా తడపనే లేదు. ఫోటోలో కనిపించిన రంగూ చేతికొచ్చిన రంగూ వేరయ్యాయన్నది గొడవ.

పిక్సెల్_పంతులు | సోమవారం, రాత్రి 10:15

నూటికి తొంభైపాళ్లు తెర గొడవే. ఇప్పటి చాలా ఫోన్లలో తెర `Vivid` అనే పద్ధతిలో ఉండే వస్తుంది, రంగులన్నీ ఉన్నదానికన్నా చిక్కగా చూపిస్తుంది. కొనేవాళ్లని `Screen mode` లోకి వెళ్లి `Natural` పెట్టుకోమని చెప్పండి. ఇంకోటి, జనం ఎక్కువగా రాత్రి పడుకోబోయే ముందు చీరలు చూస్తారు. కొందరి ఫోన్లలో ఆ టైముకి `Night Light` ఆన్ అయి తెర పసుపెక్కి ఉంటుంది. తెల్ల చీర గంధం రంగులో కనబడుతుంది, నీలం చచ్చిపోతుంది.

దీనికి తిరుగులేని మందు హెక్స్ కోడ్, అంటే రంగుకి కంప్యూటర్లో రాసే గుర్తు. `#0F4C5C` అని రాసేస్తే వాదనే ఉండదు.

మూడోనాడె | సోమవారం, రాత్రి 11:05

పంతులుగారూ, రాత్రి తెర పసుపెక్కే మాట నిజమే. కానీ ఆవిడ చీర చేతిలో పట్టుకుని చెప్పిన మాట ఇంకోసారి చదవండి: "కొంగు నీలం, కుచ్చిళ్లు పచ్చ". చేతిలో ఉన్న చీరని తెర ఏం చేయగలదు?

కొత్తకొంగు గారూ, రెండు విషయాలు చూసి చెప్పండి. కొంగు చివర ముడివేసిన దారాలు ఉంటాయి కదా, అవి ఏ రంగు? రెండోది, బ్లౌజు ముక్క కత్తిరించిన చోట చీర వెడల్పు వెంట ఒక అడ్డపోగు లాగండి. అది ఏ రంగు? పగటి వెలుతురులో చూడండి.

కొత్తకొంగు | మంగళవారం, ఉదయం 8:20

ఇప్పుడే చూశానండీ. కొంగు చివరి దారాలు ముదురు నీలం. లాగిన పోగు ఆకుపచ్చ! ఇన్నాళ్లు అమ్ముతున్నాను గానీ ఇలా ఎప్పుడూ లాగి చూడలేదు.

మూడోనాడె | మంగళవారం, ఉదయం 9:30

అంతే. అది పడుగు నీలం, పేక పచ్చ పెట్టి నేసిన డబుల్ షేడు. నెమలికంఠం అంటారే, ఆ జాతి. కొంగు చివర ముడివేసి వేలాడేవి పడుగు పోగులే, కాబట్టి పడుగు రంగు తెలుసుకోవాలంటే నేసినవాళ్లని కూడా అడగక్కర్లేదు, ఆ దారాలు చూస్తే చాలు.

ఇక ఆవిడ చూసిన వింత ఎలా జరిగిందో చెప్తాను. పడుగు చీర పొడవు వెంట పోతుంది. మీరు గోడకి నిలువుగా వేలాడదీసినప్పుడు పడుగు పైనుంచి కిందికి ఉంది. ఆవిడ కట్టుకుంది. చీర పొడవు నడుం చుట్టూ తిరుగుతుంది గనక అక్కడ పడుగు అడ్డంగా పడుకుంటుంది, పేక నిలబడుతుంది. అంటే మీ ఫోటోలో ఉన్న గుడ్డని తొంభై డిగ్రీలు తిప్పినట్టే. కొంగు మాత్రం భుజం మీంచి వెనక్కి వేలాడుతుంది, అక్కడ పడుగు మళ్లీ నిలువు, మీ ఫోటోలోలాగే. అందుకే అదే చీర కొంగు దగ్గర నీలంగా, కుచ్చిళ్ల దగ్గర పచ్చగా కనిపించింది. ఆవిడ కన్ను ఏ మాత్రం తప్పు చూడలేదు.

పట్టుపోగు గుండ్రటి గాజుకడ్డీలా మెరుస్తుంది. దాని మీద పడ్డ వెలుగు పోగుకి అడ్డంగా విరజిమ్ముతుంది తప్ప పొడవునా చెదరదు. కాబట్టి లైటు ఎక్కడుంది, మీరెక్కడున్నారు అన్నదాన్ని బట్టి ఒక వరస పోగులు వెలుగుతాయి, రెండో వరస చీకటిగా ఉండిపోతుంది. గుడ్డని తిప్పితే వంతు మారుతుంది. నూలులో ఇంత ఉండదు. అందులో మెరుపు తక్కువ, రెండు రంగులూ కలిసి మధ్యలో ఒక మబ్బు రంగుగా స్థిరపడతాయి.

ఇందులో ఫోన్‌దీ తప్పు లేదు, లైటుదీ లేదు. ఒక్క ఫోటో పెట్టి ఒక్క రంగు పేరు రాయడమే తప్పు.

పిక్సెల్_పంతులు | మంగళవారం, ఉదయం 10:10

సరే, ఈ చీర విషయంలో హెక్స్ కోడ్ వెనక్కి తీసుకుంటున్నా. రెండు పోగులకి రెండు కోడ్లు రాయాలేమో! కానీ ఒకే రంగు చీరలకైనా పాంటోన్ నంబరు రాయొచ్చుగా? నూలుగుడ్డ ముక్కలతో `TCX` నంబర్ల పుస్తకం ఉంటుంది, అది తెర కాదు, చేత్తో పట్టుకుని పోల్చే వస్తువు.

మూడోనాడె | మంగళవారం, ఉదయం 10:45

అద్దకం చేసేవాడికీ, టోకున కొనేవాడికీ మధ్య అది బాగా పనిచేస్తుంది. ఇద్దరి దగ్గరా ఆ పుస్తకం ఉంటుంది గనక. ఒక్క చీర కొనే మనిషి దగ్గర ఉండదు. ఆ నంబరుని ఆవిడ ఫోన్‌లో వెతుకుతుంది, మళ్లీ తెర మీదే చూస్తుంది. తిరిగి మొదటికే వచ్చాం. పైగా నూలు ముక్క మీది రంగు, పట్టు మీది రంగు ఒకే నంబరైనా కంటికి ఒకేలా ఉండవు, మెరుపు వల్ల.

కొనేమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. నన్నడిగితే ఆ "కొద్దిపాటి తేడా ఉండవచ్చు" అన్న వాక్యమే తీసేయండి. ప్రతి చీర కిందా అదే ఉంటుంది. నిజంగా తేడా ఉన్నదానికీ అదే, లేనిదానికీ అదే. అది నాకోసం రాసింది కాదు, మీకు గొడవ రాకుండా రాసుకున్నది.

నాకు కావలసింది తేడా ఎటువైపు అన్నది. ఫోటోకన్నా ముదురా, లేతా? ఎరుపు వైపా, పసుపు వైపా? ఒకసారి ఒకావిడ "ఫోటోలో రాణి రంగులా పడింది, చేతిలో ఇంకాస్త ఇటికరాయి రంగు వైపు ఉంటుంది" అని రాసింది. కొన్నాను. వచ్చింది సరిగ్గా అలాగే ఉంది. ఆవిడ ఫోటో బాగోలేదు, అయినా నమ్మకం కుదిరింది.

కొత్తకొంగు | మంగళవారం, మధ్యాహ్నం 1:35

ఇది మనసుకి తగిలిందండీ. నిజమే, ఆ వాక్యం నేను వేరేవాళ్ల పేజీ నుంచి ఎత్తుకొచ్చి పెట్టుకున్నదే.

బొమ్మలక్క | మంగళవారం, సాయంత్రం 4:50

మధ్యలో దూరుతున్నాను, నాది చీర కాదు. లక్క రంగులు పూసిన చెక్కబొమ్మలు చేస్తాం. మాకూ ఇదే తిప్పలు. బొమ్మ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కిటికీ దగ్గర పెడితే కిటికీ మొత్తం బొమ్మ పొట్ట మీద తెల్లగా కనబడుతుంది, ఆ పక్కనున్న ఎరుపంతా పాలు కలిసినట్టు వెలిసిపోతుంది. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టి, బొమ్మని కొంచెం పక్కకి తిప్పి తీస్తే నయం.

నా ప్రశ్న వేరు. ఫోటో తీశాక ఫోన్‌లోనే రంగు సరిచేస్తాను. పక్కన బొమ్మ పెట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా. మా చెల్లెలు "అది మోసం, తీసింది తీసినట్టు పెట్టాలి" అంటుంది. మీరేమంటారు?

తెల్లకాగితం | మంగళవారం, సాయంత్రం 5:30

మీ చెల్లెలే కరెక్టు. నేనైతే చేయి పెట్టనే పెట్టను. "ఎడిటింగ్ లేని ఫోటో" అని రాస్తాను. కొనేవాళ్లు దానికే విలువిస్తారు.

మూడోనాడె | మంగళవారం, రాత్రి 8:15

తెల్లకాగితం గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. మీరు చేయి పెట్టకపోయినా ఫోన్ పెట్టేసింది. గది పసుపు లైటా, తెల్ల లైటా అని అది ఊహించి, ఆ ఊహ ప్రకారం రంగులు జరుపుతుంది. ఫోటో నిండా ఒకే చీర పరిచి ఉంటే ఆ ఊహ తప్పుతుంది. అంతా ఎరుపే కనబడితే, లైటే ఎర్రగా ఉందేమో అనుకుని ఎరుపు తగ్గిస్తుంది. నమ్మకపోతే ఇప్పుడే చేసి చూడండి. గాఢమైన నారింజ గుడ్డ మీద ఫోన్ బాగా దగ్గరగా పెట్టి ఒకటి తీయండి, వెనక్కి జరిగి చుట్టూ నేల, గోడ కనబడేలా ఇంకోటి తీయండి. చాలా ఫోన్లలో రెండు ఫోటోల్లో గుడ్డ ఒకేలా ఉండదు.

వెలుతురు విషయంలోనూ ఇంతే. ఫ్రేము నిండా ముదురు మెరూన్ ఉంటే ఫోన్‌కి చీకటిగా అనిపించి వెలుతురు పెంచుతుంది. మెరూన్ కాస్తా ఎరుపైపోతుంది. "రంగు తేడా" అని తిరిగొచ్చే ముదురు చీరల్లో నేను చూసినవి చాలామటుకు ఇవే. రంగు మారలేదు, ముదురు పోయింది. తెర మీద వేలు పెట్టి వెలుతురు కిందికి లాగితే సరిపోయే పని.

కాబట్టి ఎడిటింగ్ లేని ఫోటో అంటే ఫోన్ ఎడిట్ చేసిన ఫోటో అని అర్థం. చేతిలోని వస్తువుకి దగ్గరగా జరపడంలో నాకు మోసం కనబడదు. వస్తువు నుంచి దూరంగా జరిపితే అది మోసం.

తెల్లకాగితం | మంగళవారం, రాత్రి 8:40

దగ్గరగా జరిపారని కొనేవాళ్లకి ఎలా తెలుస్తుంది? మీ తెర మీద దగ్గరైంది వాళ్ల తెర మీద దూరమవదా? ఒకసారి చేయి పెట్టడం మొదలెడితే అందంగా జరపాలనిపిస్తుంది. మనిషి బుద్ధి అది. నేను మారను.

నేను చేసేదేంటంటే పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీస్తాను. కాగితం తెల్లగా కనబడితే రంగు నిజమే.

మూడోనాడె | మంగళవారం, రాత్రి 9:10

మనిషి బుద్ధి గురించి చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. ఇద్దరికి చూపించి పెట్టడం తప్ప.

కాగితం పెట్టడం మంచి అలవాటే, కానీ ప్రింటరు కాగితం అసలు తెలుపు కాదు. తళతళలాడాలని అందులో ఒక మందు కలుపుతారు. పగటి వెలుతురులో ఉండే కంటికి కనబడని కిరణాల్ని అది నీలంగా మార్చి వెనక్కి పంపుతుంది. ఆ కాగితాన్ని తెల్లగా చేయబోతే ఫోటో అంతా కాస్త పసుపెక్కుతుంది. గంధం రంగు, లేత గులాబీ లాంటివాటిలో ఇది తెలిసిపోతుంది. ఫోటోల వాళ్లు వాడే బూడిదరంగు కార్డు ఉంటే మంచిది. లేకపోతే నీళ్ల పైపుల మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు తీసుకుని, ఒక చిన్న అట్టముక్కకి ఏడెనిమిది పొరలు చుట్టండి. పల్చగా చుడితే కింద అట్ట రంగు పైకి వస్తుంది. అందులో ఆ మందు ఉండదు, ఏ రంగు వైపూ మొగ్గని తెలుపు. ఫోన్‌లో `Pro` పద్ధతి ఉంటే `WB` ని ఆ ముక్క తెల్లగా కనిపించేదాకా జరిపి, ఆ రోజు ఫోటోలన్నీ అదే నంబరు మీద తీయండి. వెలుతురు మారితే మళ్లీ జరపాలి.

ఇంకో మాట, కిటికీ వెలుతురు పడుతున్నప్పుడు ట్యూబ్‌లైటు ఆర్పేయండి. రెండూ ఉంటే చీరకి ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు పడుతుంది. దాన్ని ఏ కార్డూ సరిచేయలేదు. నీలం టార్పాలిన్ కింద నిలబడి తీసి, పసుపు చీరలన్నీ పచ్చికాయ రంగులో పెట్టినవాళ్లనీ చూశాను.

పిక్సెల్_పంతులు | మంగళవారం, రాత్రి 9:25

టెఫ్లాన్ టేపు ఇప్పుడే చుట్టి చూశా. మా ప్రింటరు కాగితం దాని పక్కన నిజంగానే ఊదాగా ఉంది! ఇన్నేళ్లుగా దాన్నే తెలుపనుకున్నా.

అద్దకం_ఇంట్లో | బుధవారం, ఉదయం 7:15

రంగులు వేసేదాన్ని నేను. ఫోటోకి సంబంధం లేని ఒక తేడా కూడా ఉంది. నిరుడు ఒక మెరూన్ చీరకి తోడుగా బ్లౌజు గుడ్డ అద్దాను. చీర వేరేచోట అద్దింది, నా రంగుల మందులు వేరు. రాత్రి గదిలో ఎల్‌ఈడీ కింద పెట్టి చూస్తే రెండూ ఒకటే. సంతోషంగా పంపేశాను. కట్టుకుని ఎండలోకి వెళ్తే చీర మెరూన్, బ్లౌజు గోధుమరంగు అని ఫోను. వాళ్లు గదిలోకి వచ్చి ఫోటో తీసి పంపితే మళ్లీ రెండూ ఒకటే!

అప్పట్నుంచి ఏది జత కలిపినా మూడు చోట్ల చూస్తాను. పగలు కిటికీ దగ్గర, ట్యూబ్ కింద, పసుపు బల్బు కింద. ఒకచోట విడిపోతే ఆ మాటే రాసి పంపుతాను. ఒకే మందుతో ఒకే తొట్టిలో అద్దినవైతే ఈ బాధ ఉండదు.

కొనేమనిషి | బుధవారం, ఉదయం 8:05

అయితే "మ్యాచింగ్ బ్లౌజు" అని రాసేవాళ్లు ఏ లైటు కింద మ్యాచింగో చెప్పాలన్నమాట. ఇది నాకు కొత్త సంగతి. నా బీరువాలో అలాంటి జత ఒకటుంది, దర్జీని తిట్టుకున్నాను పాపం.

కొత్తకొంగు | గురువారం, మధ్యాహ్నం 12:10

నిన్న పల్చగా మబ్బు పట్టింది. కిటికీ దగ్గర, లైట్లు ఆర్పి, టెఫ్లాన్ ముక్క పక్కన పెట్టి తీశాను. నాలుగు ఫోటోలు: నిలువుగా వేలాడదీసి ఒకటి, అదే చోట అడ్డంగా తిప్పి ఒకటి, గుప్పిట్లో నలిపి మడతలు కనబడేలా ఒకటి, కొంగు చివరి దారాలు దగ్గరగా ఒకటి. ఒక చిన్న వీడియో కూడా, చీరని మెల్లగా తిప్పుతూ. వివరం ఇలా రాశాను, తప్పులు చెప్పండి:

"నెమలికంఠం రంగు పట్టుచీర. పడుగు ముదురు నీలం, పేక ఆకుపచ్చ. ఒకే చీర రెండు రంగుల్లో కనిపిస్తుంది. కట్టుకున్నప్పుడు కుచ్చిళ్లు పచ్చ వైపు, వెనక వేలాడే కొంగు నీలం వైపు మొగ్గుతాయి. పగటి వెలుతురులో తీసిన ఫోటోలివి. చేతిలో చూస్తే పచ్చ ఫోటోలోకన్నా కాస్త ముదురుగా ఉంటుంది. పసుపు బల్బు కింద నీలం బాగా తగ్గి, దాదాపు నల్లగా అనిపిస్తుంది. పూర్తి నీలం చీర కావాలనుకునేవారికి ఇది నప్పదు."

మూడోనాడె | గురువారం, మధ్యాహ్నం 12:50

బాగుంది. ఒక్కచోట జాగ్రత్త. "కుచ్చిళ్లు పచ్చ, కొంగు నీలం" అనేది ఒక వైపునుంచి లైటు పడి, ఒక చోట నిలబడి చూసినప్పటి మాట. వెలుతురు ఇంకోవైపునుంచి పడితే తారుమారు కావచ్చు. ఎవరికైనా కట్టి, గదిలో ఒకసారి, బయట ఒకసారి చూసి, రెండుచోట్లా అలాగే ఉంటేనే ఆ వాక్యం ఉంచండి. లేదంటే "వెలుతురు పడే తీరుని బట్టి ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా" అనండి.

బొమ్మలక్క | గురువారం, మధ్యాహ్నం 1:15

"నెమలికంఠం" అంటే మా ఇంట్లో మా అమ్మకి ముదురు నీలం, మా అత్తకి పచ్చ. మీరు పక్కనే పడుగు పేక రాశారు కాబట్టి సరిపోయింది. ఉట్టి పేరు రాస్తే కొట్టుకునేవాళ్లు.

కొనేమనిషి | గురువారం, మధ్యాహ్నం 1:30

ఉల్లిపొర రంగూ అంతే. ఎర్ర ఉల్లా, తెల్ల ఉల్లా? వంగపువ్వు రంగుకీ, వంగపండు రంగుకీ మధ్య ఎంత దూరమో, కొందరు రెండూ ఒకటే అన్నట్టు రాస్తారు.

చివరి వాక్యం నాకు బాగా నచ్చింది, "నప్పదు" అన్నది. అమ్మేవాళ్లెవరూ అలా రాయగా చూడలేదు.

తెల్లకాగితం | గురువారం, సాయంత్రం 6:00

అంత పొడుగు వివరం ఎవరు చదువుతారండీ? ఫోటో చూసి కొనేస్తారు. తిరిగొచ్చే చీర తిరిగొస్తుంది. అలా వస్తే పంపడానికీ, తెప్పించడానికీ అయ్యే ఖర్చు ఎవరిది? అది తేల్చకుండా ఎన్ని వాక్యాలు రాస్తే ఏం లాభం?

కొనేమనిషి | గురువారం, సాయంత్రం 6:20

నేను చదువుతాను. ఖర్చు సంగతంటారా, ఇంత వివరంగా రాసింది చదివి కొని తిప్పి పంపితే నేనే పెట్టుకుంటాను. "కొద్దిపాటి తేడా" అని రాసిన చీరకి మాత్రం పెట్టుకోను.

తెల్లకాగితం | గురువారం, సాయంత్రం 6:25

అందరూ మీలా ఉండరు.

కొత్తకొంగు | శుక్రవారం, ఉదయం 10:40

మూడోనాడె గారు చెప్పినట్టు మా వదినకి కట్టి చూశాను. గదిలో నేను రాసినట్టే ఉంది. బాల్కనీలో వెలుతురు ఇంకోవైపునుంచి పడితే కుచ్చిళ్లే నీలం, కొంగు పచ్చ! ఆ వాక్యం మార్చేశాను. రెండు ఫోటోలూ పెట్టాను, ఏది ఎక్కడ తీసిందో కింద రాసి.

తిప్పి పంపినావిడకి కూడా ఆ ఫోటోలు పంపి, జరిగింది చెప్పాను. డబ్బు ముందే తిరిగి ఇచ్చేశాను. "ఓహో, అదా సంగతి. అయినా నాకు నీలమే కావాలి, ఉంటే చెప్పండి" అంది. ఇంట్లో ఉన్న నీలం చీరల కొంగు దారాలన్నీ ఇవాళ ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను. పదకొండింటిలో మూడింటికి పేక వేరే రంగు.